దొంగలు పడ్డ అయిదు నెలలకు

పంచాంగానికి ఆరో అంగం చేర్చాలని సిద్ధాంతులకు నా సవినయ మనవి. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం సరసన మూవింగ్ యావరేజ్ కూడా వేసేస్తే, బంగారం ట్రేడర్లు అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చునే బాధ తప్పుతుంది. గత 50 రోజుల ధరల సగటు గీత 200 రోజుల సగటు గీతను దాటి పైకి వెళ్తే గోల్డెన్ క్రాస్, శుభం. దాటి కిందికి దిగితే డెత్ క్రాస్, అశుభం. ఇంతకన్నా రాహుకాలం లెక్కే కష్టం.

మా బావమరిది ఈ శాస్త్రంలో ఘనాపాఠి. చూసేది డాలర్ చార్ట్, లాట్ పెట్టేది రూపాయల్లో నడిచే మన సరుకుల ఎక్స్ఛేంజ్ ఎంసీఎక్స్‌లో. 2023 అక్టోబర్ మొదట్లో ఫోన్ చేసి, "బావా, డెత్ క్రాస్ పడింది" అన్నాడు. ఆ గొంతు విని ఎవరు పోయారోనని హడలిపోయాను. పోయింది బంగారమేనట. ధర పడ్డాక చవగ్గా తిరిగి కొనొచ్చన్న ధైర్యంతో ముందే అమ్మేసి షార్ట్ కొట్టాడు.

అప్పటికి ఔన్సు 1,820 డాలర్ల చుట్టుపక్కల ఉంది. జూలైలో 1,980 చూసిన ధర అది. పడాల్సిందంతా పడ్డాక గీతలు తీరిగ్గా కలుసుకున్నాయి. 6వ తేదీన 1,810 దగ్గర అడుగు తాకింది. మర్నాడే ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి. నెల తిరక్కుండానే బంగారం 2,000 దాటింది. "యుద్ధం వస్తుందని చార్ట్‌కి ఎలా తెలుస్తుంది బావా?" అన్నాడు పాపం. అన్నీ ధరలోనే ఉంటాయని అంతకు ముందు వారం దాకా నాకు పాఠం చెప్పింది ఇతనే.

నిజానికి యుద్ధం రాకపోయినా ఆ గీత చెప్పేది పాత కబురే. 200 రోజుల ధరలు కూడి 200తో భాగిస్తే వచ్చేది ఇవాళ్టి సంగతి కాదు, సుమారు వంద ట్రేడింగ్ రోజుల కిందటిది. సెలవులు కూడా కలిపి లెక్కేస్తే దాదాపు అయిదు నెలలు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత పుట్టించినవాళ్లు ఒక్క నెల తేడాలో ఈ లెక్క ముందే కట్టేశారు. వాళ్లకు కంప్యూటర్ కూడా లేదు.

ఇంకో తమాషా ఉంది. గీత కదలడానికి బంగారం కదలక్కర్లేదు. 50 రోజుల సగటులోకి రోజూ ఒక కొత్త ధర వస్తుంది, ఒక పాత ధర పోతుంది. ఇవాళ్టి ధర నిన్నటిలాగే 1,900 దగ్గర నిద్రపోతోందనుకోండి. 50 రోజుల కిందటి 1,950 ఇవాళ లెక్కలోంచి జారిపోతే సగటు ఒక డాలర్ దిగుతుంది. రెండు గీతల మధ్య ఎడం అర డాలరే ఉంటే, ఆ పూట సంబంధం కుదిరిపోతుంది. ఇవాళ మార్కెట్‌లో జరిగిందేమీ లేదు. ఎప్పుడో పాతబడ్డ ధర ఒకటి గుమ్మం దాటి వెళ్లింది, అంతే. దానికే చానెళ్లలో ఎర్ర బాణాలు.

రూపాయి చార్ట్‌కైతే ఢిల్లీ నుంచి కూడా దిష్టి తగులుతుంది. 2024 జూలై 23న బడ్జెట్‌లో బంగారం మీద దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి దించారు. ఆ రోజు ఎంసీఎక్స్‌లో పది గ్రాములు దాదాపు 4,000 రూపాయలు పడింది. లండన్‌లో మాత్రం ఎవరూ కంగారుపడలేదు. కానీ సగటుకు సుంకం, గిరాకీ ఒక్కటే. ఆ నాలుగు వేలను 50 ముక్కలు చేసి, రోజుకు 80 చొప్పున పదివారాల పాటు మనకు దుఃఖవార్తగా అందించింది. ఆ వంకర అసలుదో సుంకానిదో తెలియాలంటే పక్కనే డాలర్ చార్ట్ తెరిచి చూడాలి. మా వాడు ఆ రోజు తెరవలేదు, టెన్షన్‌లో ఉన్నాడు.

గీతలను ఆడిపోసుకుంటున్నానని అనుకోకండి. 2023 నవంబర్ చివర్లో, 1,990 దగ్గర, గోల్డెన్ క్రాస్ పడింది. డెత్ క్రాస్‌కి అమ్మినవాడు 170 డాలర్లు ఎక్కువ పెట్టి తిరిగి కొనాలి. చేతులు కాలిన మా బావమరిది ఈసారి నమ్మలేదు. మరుసటి అక్టోబర్‌కి బంగారం 2,700 దాటింది. ఈ పద్ధతిలో డబ్బు వచ్చేది ఇలాంటి ఒకటి రెండు పెద్ద పరుగుల్లోనే. ధర ఒకే గట్టు మీద అటూ ఇటూ ఊగే నెలల్లో వచ్చే సిగ్నళ్లన్నీ దానికి కట్టే కప్పం. ఏది కప్పమో, ఏది పరుగో సిగ్నల్ ముఖం మీద రాసి ఉండదు. కప్పం కట్టి, పరుగు వచ్చేసరికి ఇంట్లో కూర్చున్నాడు మా వాడు.

మొన్న వాళ్లింటికి వెళ్తే లాప్‌టాప్ ముందు ఉన్నాడు. 50, 200 తీసేసి 43, 187 పెట్టాడు. అది కుదరక 47, 161. స్క్రీన్ మీద పాత నష్టం మాయమై పచ్చటి లాభం వచ్చింది. "చూశావా బావా, 2023లో ఇవి పెట్టుకుని ఉంటేనా!" అన్నాడు.

మా చెల్లెలు కాఫీ పెట్టి, కప్పు కింద ఉన్న బ్రోకర్ స్టేట్‌మెంట్ తడిసిందని పక్కకు జరిపింది.