ప్రపోజల్ మొదటి పేజీలో మన ఫొటోలు ఎందుకు?

ఉద్యోగుల క్యాబ్‌లు నడిపే ఒక చిన్న సంస్థలో ప్రపోజల్స్ రాయడం నా పని. హైదరాబాద్‌లో కంపెనీలకు సేవలు అమ్మేవాళ్లందరికీ ఒక అలవాటు ఉంది. ప్రపోజల్ అడగగానే పాత ఫైల్ తెరుస్తాం, క్లయింటు పేరు మారుస్తాం, పంపించేస్తాం. సంస్థ ఎప్పుడు పెట్టామో మొదటి పేజీలో ఉంటుంది, తర్వాత డైరెక్టర్ల ఫొటోలు, ఐఎస్ఓ సర్టిఫికెట్, పాత క్లయింట్ల లోగోలు. అవతలివాళ్ల ఇబ్బంది గురించి ఒక్క ముక్క కనపడాలంటే తొమ్మిదో పేజీ దాకా తిప్పాలి. దీని మీద నాకు చాలా కోపం ఉంది. దీనివల్ల చేతిదాకా వచ్చిన పని పోవడం నేను చూశాను.

నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీ. సాయంత్రం 6 గంటల షిఫ్ట్. ఉప్పల్ వైపు నుంచి వచ్చే క్యాబ్‌లు రోజూ ఆలస్యం. మీటింగ్‌లో అడ్మిన్ మేనేజర్ గారు గంటసేపు ఈ ఒక్క విషయమే చెప్పారు. మేం 22 పేజీల ప్రపోజల్ పంపాం. పని వేరేవాళ్లకు వెళ్లింది. ఎందుకని ఫోన్ చేసి అడిగితే ఆవిడ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మీ డాక్యుమెంట్‌లో ఉప్పల్ అనే మాట కోసం వెతికానండీ. ఎక్కడా లేదు."

ఏడాది తర్వాత దాదాపు ఇలాంటి ఇబ్బందితోనే ఇంకో కంపెనీ పిలిచింది. ఈసారి రాయడానికి ముందు ఒక నెల ట్రిప్ షీట్లు అడిగి తీసుకున్నాను. ఉప్పల్ వైపు 4 క్యాబ్‌లు, 22 పనిదినాలు, అంటే 88 ట్రిప్పులు. వాటిలో 31 ఆలస్యంగా చేరాయి. అందరూ ట్రాఫిక్ అనే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. కానీ పికప్ టైములు ఒక్కొక్కటీ చూస్తే, ఆ 31లో 24 ట్రిప్పులు చివరి మనిషిని ఎక్కించుకునేసరికే పది నిమిషాలకు పైగా వెనకబడి ఉన్నాయి. ఒక్కో ఇంటి ముందు ఐదారు నిమిషాలు ఆగడంతోనే ఆ టైము పోతోంది. అసలు ట్రాఫిక్ ఆ తర్వాత మొదలవుతుంది.

మొదటి పేజీ ఇలా మొదలుపెట్టాను: "గత నెల ఉప్పల్ రూట్లలో 88 ట్రిప్పులకు 31 ఆలస్యమయ్యాయి. వాటిలో 24 ఆఖరి పికప్ దగ్గరే వెనకబడ్డాయి. కాబట్టి బండ్లు పెంచినంత మాత్రాన ఇది తగ్గదు." దాని కింద మేం చేసేది రాశాను. క్యాబ్ గేటు దగ్గరకు వచ్చే పది నిమిషాల ముందు మెసేజ్, గేటు దగ్గర మూడు నిమిషాలే ఆగడం, తప్పిపోయినవాళ్ల కోసం వెనక ఒక స్పేర్ బండి. ఆ స్పేర్ బండికి నెలకు ఎంతవుతుందో అదే పేజీలో పెట్టాను. మొదటి నెల ఆలస్యాలు ఎన్నికి తగ్గకపోతే బిల్లులో ఎంత కోసుకోవచ్చో కూడా రాశాను.

ఒక్క పేజీలోనే ఇదంతా ఎందుకంటే, మీటింగ్‌లో మనతో మాట్లాడిన మనిషి ఒక్కరే సంతకం పెట్టరు. ఆ ఫైల్ ఫైనాన్స్ హెడ్‌కు ఫార్వర్డ్ అవుతుంది. ఆయన మన మాట వినలేదు, మన ముఖం చూడలేదు. మొదటి పేజీ, రేట్ల పేజీ చూస్తారు. అక్కడ తమ ఆఫీసు గొడవ కనపడకపోతే ఆయనకు మిగిలేది రేటు ఒక్కటే, ఇక బేరం దాని మీదే నడుస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పేజీని అడ్మిన్ మేనేజర్ పైవాళ్లు కూడా చదువుతారు. "మీ ట్రాన్స్‌పోర్ట్ నిర్వహణ సరిగా లేదు" అని రాస్తే, మనల్ని పిలిచిన మనిషినే వాళ్ల ముందు తల దించుకునేలా చేసినట్టు. అంకెలు చెప్పాలి, కారణం చెప్పాలి, తప్పు ఎవరిదో చెప్పకూడదు. పంపేముందు ఆ పేజీ ఈ రెండో కంపెనీ అడ్మిన్ మేనేజర్‌కు చూపించాను. ఒక వాక్యం మార్చమన్నారు, మార్చాను. ట్రిప్ షీట్లు ఇవ్వకపోతే మాత్రం కారణం తెలిసినట్టు రాయొద్దు. "మీరు చెప్పినదాన్ని బట్టి ఇలా అనుకుంటున్నాం, మొదటి రెండు వారాల్లో లెక్క తీసి ఖాయం చేస్తాం" అని రాస్తే సరిపోతుంది.

మరి కంపెనీ గురించి ఎక్కడ? ఆరో పేజీలో, అదీ పైన ఇచ్చిన మాటకు సాక్ష్యంగా మాత్రమే. స్పేర్ బండి ఇస్తామన్నాం కాబట్టి ఉప్పల్ దగ్గర మా బండ్లు ఎన్ని ఆగి ఉంటాయో రాశాను. మెసేజ్ పంపుతామన్నాం కాబట్టి సాయంత్రం డెస్క్‌లో ఎవరుంటారో రాశాను. డైరెక్టర్ల ఫొటోలు తీసేశాను. దాని మీద మా ఆఫీసులో రెండు రోజులు గొడవ నడిచింది.

టెండర్ ఫార్మాట్ వాళ్లే ఇచ్చి, మొదటి సెక్షన్‌లోనే కంపెనీ వివరాలు అడిగితే ఆ వరుస మార్చకూడదు, మారిస్తే పక్కన పెట్టేస్తారు. అప్పుడు ఈ పేజీ కవరింగ్ లెటర్‌గా వెళ్తుంది. ట్రిప్ షీట్లు ఇచ్చిన ఆ రెండో కంపెనీ మాకు పని ఇచ్చింది. సంతకం రోజు ఫైనాన్స్ హెడ్ గారు అడిగింది ఒక్కటే: "ఆ 24 ట్రిప్పుల షీట్లు ఒకసారి చూపిస్తారా?"