‘ఆ కుర్రాడు మీ దగ్గర పనిచేశాడా?’ అని ఫోన్ వస్తే

పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీ. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. సూపర్‌వైజర్ గారు డ్యూటీ దిగి లాకర్లోంచి ఫోన్ తీసేసరికి తెలియని నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నాలుగోసారి మోగినప్పుడు ఎత్తారు. అవతలి అమ్మాయి హిందీ యాసలో ఇంగ్లీషు మాట్లాడుతూ, ఫలానా కుర్రాడు మీకు తెలుసా అని అడిగింది. ఈయన ‘నాకు తెలీదమ్మా’ అని పెట్టేశారు.

ఆ కుర్రాడు ఆయన దగ్గర ఐదేళ్లకు కాస్త తక్కువగా పనిచేశాడు. మరి ఎందుకలా అన్నారంటే, అంతకు ముందు నెలలో ఇంకెవరో లోన్ యాప్‌లో అప్పు తీసుకుని రిఫరెన్స్ కింద ఈయన నంబరు ఇచ్చారు. వసూలు చేసేవాళ్లు వారం రోజులు ఈయన ప్రాణం తీశారు. అప్పటినుంచి ‘ఫలానావాళ్లు మీకు తెలుసా’ అంటే చాలు, ఈయన నోటికి ఒకటే జవాబు.

ఆ కుర్రాడు మాకు బంధువే. వాళ్లది రాజాం దగ్గర పల్లె. నేను పన్నెండేళ్లు ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌లో పనిచేసి ఇలాంటి ఫోన్లకు జవాబులు చెప్పినవాణ్ణి కాబట్టి, కొత్తగా చేరబోతున్న హైదరాబాద్ కంపెనీ నుంచి ‘వివరణ ఇవ్వండి’ అని మెయిల్ రాగానే టెన్షన్‌తో నా దగ్గరికొచ్చాడు. ‘మావయ్యా, నేను తప్పేం రాయలేదు’ అన్నాడు. నిజమే, అబద్ధమేమీ రాయలేదు. కానీ అతని ఫారం ఒకటి చెబుతోంది, పీఎఫ్ రికార్డు ఇంకొకటి చెబుతోంది, ఫోనెత్తిన మనిషి అసలు తెలీదంటున్నాడు.

కొత్త కంపెనీ ఉద్యోగంలోకి తీసుకునే ముందు ఏజెన్సీ చేత చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటే మన వైపు చాలామంది అదేదో గుణగణాల విచారణ అనుకుంటారు. అందుకే రిఫరెన్స్ అడగ్గానే ఊళ్లో పెద్దమనిషి పేరో, కాలేజీ ప్రిన్సిపాల్ పేరో, పార్టీ నాయకుడి దగ్గర తిరిగే బాబాయి పేరో రాసేస్తారు. వెరిఫికేషన్ ఏజెన్సీకి వాళ్లతో పనిలేదు. ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ హోదాలో, ఎవరి కింద పనిచేశారు, ఎందుకు మానేశారు, మళ్లీ వస్తే తీసుకుంటారా అన్నవి వాళ్ల ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పగలిగేది మీకు పని అప్పగించి, ఆ పని చూసిన మనిషే. తేదీలూ హోదా హెచ్‌ఆర్‌ని అడుగుతారు, పని సంగతి మేనేజర్‌ని అడుగుతారు, రెంటినీ మీరు నింపిన ఫారం పక్కన పెట్టి చూస్తారు.

మావాడి ఫారంలో ఇలా ఉంది: 2019 ఆగస్టు నుంచి 2024 మే దాకా ఒకే కంపెనీ, హోదా టీమ్ లీడ్. అసలు జరిగింది వేరు. మొదటి పదకొండు నెలలు, అంటే 2020 జూన్ ఆఖరు దాకా, అతను కాంట్రాక్టర్ మనిషి. అదే ల్యాబ్, అదే యూనిఫాం, అదే సూపర్‌వైజర్, కానీ జీతం వేసేది కాంట్రాక్టరు. 2020 జూలై 1న కంపెనీ రోల్స్‌లోకి తీసుకున్నారు. కార్డు మీద హోదా కెమిస్ట్. రాత్రి షిఫ్టుల్లో నలుగురి పని చూసుకునేవాడు కాబట్టి టీమ్ లీడ్ అని రాసుకున్నాడు.

మన జిల్లాల్లో ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళ్లే పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే. కాంట్రాక్టరుకు సొంత పీఎఫ్ కోడ్ ఉంటే మనిషి పేరు మీద చందా కట్టేది అతనే. అందుకే పీఎఫ్ రికార్డులో యజమానిగా కాంట్రాక్టరు పేరే పడుతుంది. మనం ఏ గేటులోంచి లోపలికెళ్లామో పీఎఫ్‌కు తెలియదు. పీఎఫ్ వెబ్‌సైట్‌లో మన యూఏఎన్ నంబరుతో లాగిన్ అయి View మెనూలో Service History నొక్కితే ఎన్ని సంస్థలు కనిపిస్తాయో, ఏజెన్సీకి కనిపించేదీ అదే. మావాడికి రెండు సంస్థలు కనిపించాయి. అందులో మొదటిదాని పేరు రెజ్యూమేలో ఎక్కడా లేదు. పైగా అతను మానేసిన తేదీని కాంట్రాక్టరు నమోదు చేయనే లేదు. అంటే కాగితం మీద అతను 2020 నుంచీ ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టే ఉంది.

తేదీ సంగతి సులువుగానే తేలుతుంది. చివరి చందా పడి రెండు నెలలు దాటితే Manage మెనూలో Mark Exit దగ్గర ఉద్యోగి తానే ఆధార్ ఓటీపీతో ఆ తేదీ వేసుకోవచ్చు. ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టినప్పుడే ఇది చూసుకోవాలి, మెయిల్ వచ్చాక కాదు. ఒకటికి రెండుసార్లు చూసి మరీ వేయండి, తప్పు పడితే మార్పించుకోవడం పెద్ద తలనొప్పి.

ఫారంలో ఉద్యోగాలు రెండుగా రాయాలి. మొదటి వరసలో యజమాని పేరు దగ్గర కాంట్రాక్టరు పేరు, పనిచేసిన చోటు దగ్గర ఫ్యాక్టరీ పేరు. రెండో వరసలో కంపెనీ. కాంట్రాక్టు అని రాస్తే చిన్నతనం అనుకుంటారు మనవాళ్లు. నేను చూసినంతలో కాంట్రాక్టు కింద పనిచేశాడని ఉద్యోగం ఇవ్వని కంపెనీ నాకు తగల్లేదు. చెప్పకపోతే మాత్రం, ఈ పదకొండు నెలలు ఎందుకు దాచాడు అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం చాలా కష్టం.

ఇక రిఫరెన్స్. సూపర్‌వైజర్ గారికి మావాడు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ‘సార్‌కి నేనంటే ఇష్టం మావయ్యా, ఎందుకు చెప్పడు’ అంటాడు. ఆయనకు ఇష్టం ఉండొచ్చు, తేదీలు గుర్తుండాలని లేదు. మర్నాడు ఇద్దరం వెళ్లి కలిశాం. ఎప్పుడు చేరాడో అడిగితే ఆయన, ‘కరోనా ముందు నుంచీ ఉన్నాడు, ఐదేళ్లు’ అన్నారు. ఆయన లెక్క సరైనదే. కానీ హెచ్‌ఆర్ చెప్పేది నాలుగేళ్ల లెక్క. ‘టీమ్ లీడా? మా దగ్గర అలాంటి పోస్టే లేదే’ అని కూడా అన్నారు. ఆ ఫోన్ ఆయన పెట్టెయ్యకుండా పూర్తిగా మాట్లాడి ఉంటే మావాడికి ఇంకా పెద్ద నష్టం జరిగేదని నా అనుమానం. తెలీదంటే ‘నిర్ధారణ కాలేదు’ అని రాసుకుంటారు, మళ్లీ ప్రయత్నిస్తారు. అలాంటి పోస్టే లేదంటే అది నేరుగా తేడా కిందికొస్తుంది.

అందుకే రిఫరెన్స్‌కు రెండు మెసేజ్‌లు పెట్టాలంటాను. రెంటినీ కలిపేయకూడదు. మొదటిది అనుమతి కోసం. మావాడి చేత నేను పెట్టించింది ఇది:

“నమస్తే సార్. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో నాకు ఉద్యోగం ఖాయమయ్యేలా ఉంది. వెరిఫికేషన్‌కి మీ పేరు, నంబరు, ఆఫీస్ మెయిల్ ఇవ్వొచ్చా? ఇబ్బందైతే చెప్పండి సార్, వేరేవాళ్లని అడుగుతాను.”

ఆ చివరి వాక్యం తీసేయకండి. కొన్ని కంపెనీల్లో మేనేజర్లు నేరుగా రిఫరెన్స్ చెప్పకూడదు, హెచ్‌ఆర్‌కే పంపాలి. మొహమాటానికి సరే అని తర్వాత ఫోన్ ఎత్తని మనిషి కంటే, ముందే కుదరదన్న మనిషి నయం.

సరేనన్నాక రెండోది:

“థాంక్యూ సార్. ఫలానా ఏజెన్సీ నుంచి ఈ వారంలో ఫోన్ గానీ మెయిల్ గానీ వస్తుంది. సాయంత్రం ఆరు తర్వాత చేయమని చెప్పాను. ఫారంలో నేను రాసింది: 2019 ఆగస్టు నుంచి 2020 జూన్ దాకా కాంట్రాక్టర్ ద్వారా, 2020 జూలై 1 నుంచి 2024 మే దాకా కంపెనీ రోల్స్‌లో కెమిస్ట్‌గా. నైట్ షిఫ్టులో నలుగురి పని చూసేవాణ్ణని రాశాను. ఇందులో మీకు తేడాగా అనిపించింది ఏదైనా ఉంటే ముందు నాకు చెప్పండి సార్.”

‘కొంచెం బాగా చెప్పండి సార్’ అన్న మాట ఇందులో లేదు చూడండి. అది రాస్తే ఆయన్ని అబద్ధానికి పిలిచినట్టే. మీ మీది అభిమానంతో ఆయన టీమ్ లీడ్ అని చెప్పి, హెచ్‌ఆర్ కెమిస్ట్ అని చెబితే, ఆయన మాటకూ విలువ పోతుంది. రికార్డులో ఉన్నది గుర్తుచేయడం వరకే మన హక్కు. ఆఫీస్ మెయిల్ అడగడానికి కూడా కారణం ఉంది. జీమెయిల్ నుంచి జవాబు వస్తే రాసింది ఆయనేనో కాదో ఏజెన్సీకి తెలిసే దారి లేదు.

రిక్రూటర్‌కు ఇచ్చే జవాబులోనూ ఇదే వరస. మావాడు ఆ రోజే మెయిల్ పంపాడు. కాంట్రాక్టు కాలాన్ని విడిగా చూపకపోవడం తన పొరపాటని ఒప్పుకున్నాడు. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఆ పదకొండు నెలల చందాలు ఉన్న పేజీలు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాడు. కాంట్రాక్టరు దుకాణం మూసేశాడు కాబట్టి రిలీవింగ్ లెటర్ దొరకదని, హోదా కెమిస్ట్‌గా సరిచేసుకోమని రాశాడు. సూపర్‌వైజర్‌కు ఏ టైములో ఫోన్ చేయాలో కూడా రాశాడు. వెరిఫికేషన్ పూర్తయింది, జాయినింగ్ మూడు వారాలు వెనక్కెళ్లింది.

మావాడు అప్పటికే రాజీనామా చేసి బయటికొచ్చేశాడు కాబట్టి ఒక గొడవ తప్పింది. ఇంకా అదే ఉద్యోగంలో ఉన్నవాళ్లు మాత్రం ‘ప్రస్తుత యజమానిని ఇప్పుడు సంప్రదించవచ్చా’ అనే గడి దగ్గర ఆగాలి. ఆఫర్ లెటర్ చేతికొచ్చి, రాజీనామా ఇచ్చాకే అని రాసి, మెయిల్‌లోనూ ఆ మాట చెప్పాలి. అప్పటిదాకా పాత కంపెనీ మేనేజర్ పేరు ఇవ్వొచ్చు. పాత మేనేజర్‌తో పడకపోతే ఆయన పేరు బదులు, అదే డిపార్ట్‌మెంట్‌లో మీ పని తనిఖీ చేసిన సీనియర్‌ని ఇచ్చి, ఎందుకు ఇస్తున్నారో రిక్రూటర్‌కు ఒక్క వాక్యంలో చెప్పండి. పాత మేనేజర్ మీద ఫిర్యాదులు రాయకండి.

మావాడి విషయంలో ఇంకొకటి మిగిలింది, అది నాకూ తట్టలేదు. అడ్రస్ చెక్. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఆధార్‌లో శ్రీకాకుళం అనే ఉంది, ఫారంలో విజయనగరం అని రాశాడు. ఆ మాట నేను రిక్రూటర్‌కు ముందే రాయించాను గానీ, ఇంటి దగ్గర చెప్పించడం మర్చిపోయాను. బైకు మీద వచ్చిన మనిషి గుమ్మం ముందు నిలబడి పేరు చెప్పి, ఇక్కడే ఉంటాడా అని అడిగాడట. వాళ్లమ్మ, ‘మావోడిక్కడ నేడు బాబూ, అయిదరాబాదెల్లిపోనాడు’ అని తలుపేసేసింది.