చుక్కలు చూపించే యాప్

రొయ్యల గుంటల మీదికి కొత్తగా దిగిన ఓ యాప్‌ను చూస్తే చేతులెత్తి మొక్కాలి. నీళ్లలో ఆక్సిజన్ చాలినంత ఉంటే ఆకుపచ్చ చుక్క, తగ్గితే ఎర్ర చుక్క. రెండూ ఒకే సైజు, రెండూ గుండ్రమే. పక్కన అంకె లేదు, మాట లేదు. పెడితే స్క్రీన్ అందం చెడుతుందట!

గుంటలో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామున. ఎండ లేనప్పుడు నీటిలోని నాచు కూడా దాన్ని పీల్చేస్తుంది మరి. సరిగ్గా ఆ వేళ కొత్తపట్నం దగ్గర గట్టు మీద కాపలా మనిషి ఫోన్ తీశాడనుకోండి. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా అతని కంటికి పుట్టుకతోనే ఆనదు. గుంటల ఆసామికి ఫోన్ కొట్టాడు.

"అన్నా, చుక్కలన్నీ మట్టిరంగులోనే ఉండాయి."

"ఎర్రగా ఉండే గుంటలో ఏరియేటర్ వెయ్‌రా."

"ఎర్రది యాడుందో నువ్వే చెప్పన్నా."

"నెల్లూరులో పడుకోనున్నోణ్ణి, నాకేం తెలస్తది? హెల్ప్ నొక్కు."

నొక్కాడు. హెల్ప్‌లో రెండు చుక్కలు. ఒకదాని పక్కన 'ప్రమాదం', ఇంకోదాని పక్కన 'క్షేమం'. చుక్కలు మాత్రం మళ్లీ మట్టిరంగే. మహానుభావులు, ఎంత సహాయం చేశారు!

తేడా కొట్టొచ్చినట్టు ఉండాలనే ఈ రంగులు ఎంచారట. కోడ్‌లో అవి #FF0000, #008000. వీటి మధ్య వెలుగు తేడా లెక్కిస్తే దాదాపు 1.28:1 వస్తుంది. అసలు తేడానే లేకపోతే వచ్చేది 1:1. అంటే ఉన్న తేడా దాదాపు అంతా రంగులోనే ఉంది, ఆ రంగే కొందరికి అందదు. రంగొక్కదాన్నే నమ్ముకోవద్దని, తెర మీది సమాచారం అందరికీ అందాలని రాసిన WCAG మార్గదర్శకాల్లో 1.4.1 చెబుతూనే ఉంది. చదివే తీరిక ఎవరికి?

అప్పు తెచ్చి పిల్ల వేసి, నెలల తరబడి మేత పోసిన పంట తెల్లారేసరికి తేలిపోతే "కళ్లు చూపించుకో" అంటారు. ఏం చూపించుకోవాలయ్యా? ఎరుపు, ఆకుపచ్చ తేడా ఆనకపోవడం ఎక్స్ క్రోమోజోమ్‌తో వచ్చేది, అందుకే మగవాళ్లలోనే ఎక్కువ. రాత్రి గట్టు మీద కాపలా ఉండేదీ వాళ్లే. చూపించుకోవాల్సింది మీ స్క్రీన్‌ని!

ఆండ్రాయిడ్ ఫోన్‌లో Build number మీద ఏడుసార్లు నొక్కితే Developer options తెరుచుకుంటాయి. అందులో Simulate color space దగ్గర ముందు Deuteranomaly, తర్వాత Monochromacy పెట్టండి. మొదటిది ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయే చూపును ఉజ్జాయింపుగా చూపిస్తుంది. రెండోది రంగునే తీసేస్తుంది. అప్పుడు యాప్ చేసినవాళ్లనే దాన్ని తెరిచి, ఏ గుంటకు ఊపిరాడడం లేదో హెల్ప్ జోలికి పోకుండా చెప్పమనండి.

"అయితే నీలం, నారింజ పెట్టేస్తాం" అని ఎగిరి గంతేస్తారు. #0072B2, #D55E00 మంచి జతే, ఎరుపు-ఆకుపచ్చ కలిసిపోయేవాళ్లకు విడివిడిగా కనిపిస్తుంది. కానీ వెలుగు తేడా అక్కడా 1.34:1 దగ్గరే ఆగుతుంది, Monochromacyలో మళ్లీ రెండూ దాదాపు ఒకటే బూడిద. తక్కువైన గుంటకు త్రికోణం పెట్టి, పక్కన "ఆక్సిజన్ తక్కువ, 2.8 ppm" అని రాస్తే సరి. ఆ తర్వాత మీ ముచ్చట కొద్దీ దానికి ఏ రంగైనా పూసుకోండి.