వంద శాతం అంటే ఎంత?

పెట్రోలు బంకు మూలన బ్యాటరీలు మార్చుకునే బీరువాలాంటి డబ్బా, దానికి పన్నెండు అరలు. ఎలక్ట్రిక్ ఆటో డ్రైవరు ఫోనుతో కోడ్ స్కాన్ చేయగానే ఖాళీగా ఉన్న అర తలుపు తెరుచుకుంటుంది. సీటు కింది బ్యాటరీని లాగి అందులో పెడతాడు. అది ఏ బ్యాటరీ, ఎంత వేడిగా ఉంది, ఎంత చార్జింగ్ మిగిలింది అన్నది యంత్రం చూసుకుని, నిండిన బ్యాటరీ ఉన్న అర తెరుస్తుంది. రెండు బ్యాటరీల ఆటో అయితే రెండోదీ ఇలాగే. మూడు నాలుగు నిమిషాల్లో ఆటో మళ్లీ రోడ్డు మీద ఉంటుంది. అదే ఆటోను ఇంట్లో ప్లగ్గుకు పెడితే మూడు నాలుగు గంటలు కదలదు. ఆ గంటల్లో కిరాయి ఉండదు కాబట్టే రోజంతా తిరిగే ఆటోవాళ్లకు, డెలివరీ కుర్రాళ్లకు ఈ పద్ధతి నచ్చుతోంది. బ్యాటరీ లేకుండానే బండి అమ్మి రిజిస్టర్ చేయడానికి కేంద్రం 2020 ఆగస్టులోనే అనుమతించింది. దాంతో కొనేటప్పుడు పడే భారమూ తగ్గింది.

అయితే డబ్బా లోపలి లెక్క కూడా చూడాలి. ఒక్కో బ్యాటరీ రెండు యూనిట్లది, నిండడానికి రెండు గంటలు పడుతుంది అనుకుందాం. వచ్చేవాడి ఖాళీ బ్యాటరీలకు చోటుండాలి కనుక రెండు అరలు ఎప్పుడూ ఖాళీగా ఉంచారనుకుందాం. మిగిలిన పది బ్యాటరీలు అయిదు ఆటోలకు సరిపోతాయి. మధ్యాహ్నం భోజనాల వేళ అరగంటలో పది ఆటోలు వస్తే మొదటి అయిదుగురు సాఫీగా వెళ్లిపోతారు. ఆరోవాడికి దక్కాల్సినవి మొదటివాడు అప్పుడే పెట్టి వెళ్లిన బ్యాటరీలు. అంటే దాదాపు రెండు గంటలు ఆగాలి. అంతసేపు ఆగేవాడు ఇంట్లో ప్లగ్గుకే పెట్టుకునేవాడు కదా!

ఎండాకాలంలో ఇది ఇంకా ముదురుతుంది. మే నెలలో విజయవాడ రోడ్ల మీద తిరిగొచ్చిన బ్యాటరీ కాలుతూ ఉంటుంది. లోపలి వేడి 45 డిగ్రీల చుట్టుపక్కలకు చేరితే చాలా బ్యాటరీల్లోని రక్షణ సర్క్యూట్ చార్జింగ్‌ను ఆపేస్తుంది, లేదా బాగా తగ్గించేస్తుంది. చల్లారేదాకా ఆ అర ఉన్నా లేనట్టే. పైన నీడ లేని రేకు డబ్బా అయితే చల్లారడానికీ టైం పడుతుంది. ఫలానా ఊళ్లో ఇన్ని స్టేషన్లు పెట్టామని కంపెనీలు చెప్పే అంకెల కంటే, మధ్యాహ్నం ఒంటిగంటకు వాటిలో ఎన్ని నిండు బ్యాటరీలున్నాయన్నదే మాకు ముఖ్యంగా కనిపిస్తోంది.

డ్రైవర్ల అసలు గొడవ మరొకటి. స్క్రీన్ మీద వంద శాతం అని ఉంటుంది, బండి మాత్రం నిన్నటంత దూరం పోదు. ఇందులో మాయ లేదు. ఆ వంద శాతం, బ్యాటరీ ఇప్పుడు పట్టగలిగినదానిలో వంద. కొత్తగా ఉన్నప్పుడు పట్టినదానిలో కాదు. నాలుగు యూనిట్ల జంట కొత్తలో 60 కిలోమీటర్లు లాగిందనుకుంటే, పాతబడి 80 శాతం సత్తువే మిగిలాక 48 దగ్గర ఆగుతుంది. మార్పిడికి ఇంత అని ఒకే రేటు కట్టించుకునే చోట, 12 కిలోమీటర్ల నష్టం నేరుగా డ్రైవరు జేబు మీదే. సొంత బ్యాటరీని రాత్రిపూట ప్లగ్గుకు పెట్టుకునేవాడికీ ఈ అరుగుదల తప్పదు కానీ, అది అతని కళ్ల ముందే మెల్లగా జరుగుతుంది. ఇక్కడ అది ఒక లాటరీ.

అందుకే ఇంటి దగ్గర ప్లగ్గు ఉండి, రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లు తిరిగే స్కూటరు మనిషికి మార్పిడి అక్కర్లేదనే మేమంటాం. పది కిలోల బ్యాటరీ ఎత్తే బాధ ఉండదు, కరెంటు ఇంటి రేటుకే వస్తుంది. రోజుకు 120 కిలోమీటర్లు కొట్టే ఆటో సంగతి వేరు.

ఆ ఆటో కూడా ఒకే కంపెనీ డబ్బాకు కట్టుబడి ఉండాల్సి వస్తోంది. ఒకరి బ్యాటరీ మరొకరి అరలో సాధారణంగా పట్టదు. పట్టినా, లోపలి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. కంపెనీ ఆ ఊళ్లో దుకాణం కట్టేస్తే, బ్యాటరీ లేకుండా కొన్న బండి షెడ్డుకే. ఒకరి బ్యాటరీ మరొకరికి పనికొచ్చేలా చూడాలని నీతి ఆయోగ్ 2022 ఏప్రిల్ నాటి బ్యాటరీ మార్పిడి విధానం ముసాయిదాలోనే చెప్పింది. పన్ను తేడా మరో తలనొప్పి. బండితో కలిపి కొంటే బ్యాటరీకి కూడా 5 శాతం జీఎస్టీయే, విడిగా కొంటే 18 శాతం.

కంపెనీలన్నీ ఒకే కొలత బ్యాటరీకి ఒప్పుకునేసరికి ఏళ్లు పట్టొచ్చు. రేటు మార్చడానికి అంత కాలం అక్కర్లేదు. ఇచ్చిన బ్యాటరీలో ఎన్ని యూనిట్లున్నాయి, తిరిగొచ్చినదానిలో ఎన్ని మిగిలాయి అన్నది లెక్కకట్టే సరంజామా బ్యాటరీలోనే ఉంది. ఆ తేడాకే డబ్బు కట్టించుకోవాలి. స్థలం ఇచ్చే మునిసిపాలిటీలు, కనెక్షన్ ఇచ్చే డిస్కంలు ఒప్పందంలోనే ఈ షరతు పెట్టాలి. అర తలుపు మీద శాతం పక్కన యూనిట్లు కూడా కనిపించాలి.