నాన్నగారు వ్యవసాయం, అమ్మగారు గృహిణి, నా బలహీనత పర్‌ఫెక్షన్

జాతీయగీతం పూర్తిగా పాడడానికి పట్టే సమయం 52 సెకన్లు. మన నిరుద్యోగ యువత కంఠస్థం చేసిన సెల్ఫ్ ఇంట్రడక్షన్‌కు రెండు నిమిషాలు. దేశం కంటే ఎవరికి వారే పెద్దవారని దీన్నిబట్టి తేలుతోంది గనుక, ఆ సమయంలోనూ అందరూ లేచి నిలబడాలని ప్రభుత్వం ఉత్తర్వులివ్వడం సముచితం.

ఆ గీతం మీకు తెలిసిందే. అమీర్‌పేటలో జిరాక్స్ తీసిన కాగితం అది. పేరు, ఊరు, పదో తరగతి శాతం, ఇంటర్ శాతం, బీటెక్ శాతం. ఆపైన నాన్నగారి వృత్తి, అమ్మగారి వృత్తి, తోబుట్టువుల సంఖ్య. బలం హార్డ్ వర్క్, స్మార్ట్ వర్క్. బలహీనత పర్‌ఫెక్షన్. హాబీ పాటలు వినడం. దట్సాల్ అబౌట్ మీ.

క్యాంపస్ డ్రైవ్ రోజున ఆ ప్యానెల్ సభ్యుల స్థితి ఊహించండి. పొద్దున తొమ్మిదికి మొదటి కష్టజీవి వస్తాడు. రెండోవాడు స్మార్ట్‌గా కష్టపడతాడు. ఏడో అమ్మాయి దగ్గరికొచ్చేసరికి ఆవిడ పర్‌ఫెక్షన్‌ని ప్యానెల్ వాళ్లే పూర్తి చేయగలరు. పొరపాటున ఒకాయన మధ్యలో ఆపి "ఏ ప్రాజెక్ట్?" అని అడిగాడో, ఆ పిల్ల రెండు క్షణాలు బిక్కమొహం వేసి, మళ్లీ "నా పేరు..." దగ్గర మొదలుపెడుతుంది. వాక్యాలు బట్టీపడితే వచ్చే జబ్బు ఇదే: తాడు తెగితే మొదటికే. గుర్తుపెట్టుకోవలసింది మూడు విషయాలు, వాక్యాలు కావు.

ఏమిటా మూడు? ఏ పని చేస్తారు, అది చేశారనడానికి ఒక రుజువు, ఇక్కడికెందుకొచ్చారు. ముప్పై సెకన్లలో తాపీగా మాట్లాడితే ఇంగ్లీషులో డెబ్బై మాటలు పడతాయి, తెలుగులో యాభై లోపే. అందులో అమ్మానాన్నలకు చోటు లేదు. మూడేళ్లు టెస్టింగ్ చేసిన అమ్మాయి ఇలా చెప్పొచ్చు:

"నా పేరు సౌజన్య. ఇన్సూరెన్స్ క్లెయిముల సాఫ్ట్‌వేర్‌ను మూడేళ్లుగా టెస్ట్ చేస్తున్నాను. ప్రతి రిలీజుకూ ముందు రెండు రోజులు చేత్తో చేసే పరీక్షల్ని ఆటోమేషన్‌లో పెట్టి మూడు గంటలకు తెచ్చాను. ఇప్పుడు పేమెంట్ల వైపు పని చేయాలనుంది, మీ ప్రకటనలో అదే అడిగారు కాబట్టి వచ్చాను."

ముప్పై మూడు మాటలు. మిగిలిన సెకన్లు పేరు తర్వాత ఆగడానికి, అంకె దగ్గర నెమ్మదించడానికి. "మూడు గంటలు" అన్నది ఎర. ఏ పరీక్షలు, ఎలా కొలిచారు అని ఎదుటివాళ్లు అడగాలి, అడిగితే చెప్పగలగాలి. చెప్పలేని అంకెను తీసేయండి. ఫ్రెషర్లు ఇక్కడ ప్రాజెక్టు చెప్పుకుంటారు. కొనుక్కున్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే పట్టుబడుతుంది, కనక తాము స్వయంగా రాసిన ముక్క ఎంత చిన్నదైనా అదే చెప్పడం క్షేమం.

పరీక్షించడం తేలిక. ఈ రంగంతో సంబంధంలేని చుట్టానికి వినిపించి, "ఇంతకీ నేనేం చేస్తానంటావు పిన్నీ?" అని అడగండి. "ఏదో సాఫ్ట్‌వేరు" అంటే రెండో వాక్యం తగలబడ్డట్టే.

ఇక నాన్నగారి సంగతి. ఇంత నవ్వినా, ఆ వాక్యం పిల్లలు సరదాకి పెట్టింది కాదు. "మీదే ఊరు? నాన్నగారేం చేస్తారు? పూర్తి ఇంటిపేరు?" అని ఉద్యోగమిచ్చే కుర్చీలో కూర్చుని పెళ్లిచూపుల ప్రశ్నలడిగే పెద్దమనుషులున్నారు. వాళ్లకు కావలసింది ఊరూ కాదు, నాన్నగారూ కాదు, కులం. సిగ్గులేదా? ఆ కుర్రాడి కోడ్ చూడండి, వాడి పొలం ఎందుకు మీకు? వాళ్లు అడగకముందే పిల్లలు వంశవృక్షం అప్పజెబుతున్నారంటే తప్పు పిల్లలది కాదు. "మైసెల్ఫ్" అన్నందుకు పక్కవాడి వైపు చూసి నవ్వే ప్యానెల్ వాళ్లది కూడా ఇదే జాతి.

నెట్‌వర్కింగ్ మీట్లలో మొదటి మూడు వాక్యాలూ అవే, చివరిది మాత్రం మారుతుంది. అక్కడ ఉద్యోగం అడిగితే ఎదుటివాడు సమోసా వైపు జరుగుతాడు. "మీ దగ్గర రిలీజులు ఎన్నాళ్లకోసారి?" అని అడగండి, ఆయన మాట్లాడతాడు.

టీమ్‌లో తొలి కాల్ దగ్గర రుజువు కూడా అక్కర్లేదు, ఉద్యోగం వచ్చేసింది కదా. వాళ్లకు కావలసింది, మీకు ఏ పని అప్పజెప్పొచ్చన్నది: "పేమెంట్ టెస్టులు ఈ వారం నుంచి నేను చూస్తాను, ఏదైనా ఫెయిలైతే చాట్‌లో పంపండి." మైకు తెరిచిన వెంటనే పలికిన మొదటి మాట తరచు తెగిపోతుంది, కాబట్టి దానికి "అందరికీ నమస్తే"ని బలిచ్చి ఆ తర్వాత పేరు చెప్పండి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లు ఏ పేరుతో పిలవాలో కూడా చెప్పాలి, లేకపోతే అమెరికా క్లయింటు ఏడాదిపాటు ఇంటిపేరుతోనే పిలుస్తాడు.

ఆఖర్న మేనేజరు ఫన్ ఫ్యాక్ట్ ఒకటి చెప్పమంటాడు. తప్పదు. అయిదు మాటల్లో ఏదైనా చెప్పండి గానీ, బిర్యానీ ఇష్టమని మాత్రం అనొద్దు. హైదరాబాద్ టీమ్‌లో మీకు ముందు మాట్లాడిన పదకొండు మందీ అదే చెప్పి ఉంటారు.