చుక్కలు దేశాలవి, జబ్బు మనిషిది

"కొవ్వు ఎక్కువ తినే దేశాల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువ. కాబట్టి కొవ్వు తింటే రొమ్ము క్యాన్సర్ వస్తుంది." ఇలాంటి పోస్టు కనబడ్డప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మొదటి వాక్యం నిజమే, కానీ రెండోది అందులోంచి పుట్టదు. గుంపు సగటు చూసి ఆ గుంపులోని మనిషి మీద తీర్పు చెప్పేయడాన్నే ఎకలాజికల్ ఫాలసీ అంటారు.

1975లో కెనడా శాస్త్రవేత్త కెన్నెత్ కారల్ వేసిన గ్రాఫు ఈ వాదానికి పెద్ద దన్ను. అడ్డంగా దేశాల తలసరి కొవ్వు, నిలువుగా రొమ్ము క్యాన్సర్ మరణాల రేటు. థాయిలాండ్, జపాన్ కింద ఎడమ మూలన ఉంటాయి, నెదర్లాండ్స్, బ్రిటన్, డెన్మార్క్ పైన కుడివైపు. చుక్కలన్నీ దాదాపు ఒకే గీత మీద వరుసకట్టినట్టు కనిపిస్తాయి. చూసినవాళ్లు నమ్మడంలో వింతేమీ లేదు.

ఆ తలసరి కొవ్వు లెక్క ఎక్కడిదో చూడండి. దేశంలో ఉత్పత్తైన ఆహారానికి దిగుమతులు కలిపి, ఎగుమతులు, పశువుల దాణా, విత్తనాలకు పోయింది తీసేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు. అంటే అది జనానికి అందుబాటులో ఉన్న కొవ్వే తప్ప, తిన్న కొవ్వు కాదు. వేపుడు అయ్యాక పారబోసిన నూనె, కంచంలో వదిలేసిన మాంసం కొవ్వు, మగవాళ్లు తిన్నది, అన్నీ అందులోనే ఉంటాయి. జబ్బు వచ్చిన ఆమె ఎంత తిన్నదో మాత్రం ఎక్కడా ఉండదు.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. మొదటి దేశంలో 1000 మంది ఆడవాళ్లు, వాళ్లలో కొవ్వు ఎక్కువ తినేవాళ్లు 200, జబ్బు వచ్చినవాళ్లు 10. రెండో దేశంలోనూ 1000 మందే, ఎక్కువ తినేవాళ్లు 800, జబ్బు వచ్చినవాళ్లు 40. గ్రాఫు గీస్తే గీత పైకి లేస్తుంది. కానీ రెండో దేశంలోని ఆ 40 మంది ఎవరు? 800 మందిలో 32, తక్కువ తినే 200 మందిలో 8 ఉండొచ్చు. అప్పుడు ఇద్దరికీ ముప్పు సమానం, 4 శాతం. మొదటి దేశంలో 2, 8గా పంచితే అక్కడా ఇద్దరికీ 1 శాతమే. మొత్తం 40 మందీ తక్కువ తినేవాళ్లే అయినా దేశం లెక్క చెక్కుచెదరదు! దీన్ని పట్టికగా వేస్తే చివరి మొత్తాలు మాత్రమే ఉంటాయి, ఎవరికి జబ్బు వచ్చిందో చెప్పే లోపలి గళ్లు ఖాళీ. మనకు కావలసిన జవాబేమో ఆ గళ్లలోనే ఉంది.

ఆ గళ్లు నింపాలంటే ఎవరి తిండి అడిగామో వాళ్లకే జబ్బు వచ్చిందా లేదా అని ఏళ్ల తరబడి చూడాలి. అలాంటి ఏడు అధ్యయనాలను 1996లో కలిపి లెక్క కట్టారు: 3,37,819 మంది, 4,980 క్యాన్సర్లు. అందరికన్నా ఎక్కువ కొవ్వు తిన్న అయిదో వంతుకూ, అందరికన్నా తక్కువ తిన్న అయిదో వంతుకూ మధ్య ముప్పు నిష్పత్తి 1.05. 1 అంటే ఇద్దరికీ సమానం, కాబట్టి తేడా లేనట్టే.

మరి దేశాల మధ్య అంత తేడా ఎలా వచ్చింది? డబ్బున్న దేశంలో కొవ్వుతో పాటు చాలా మారతాయి. ఆడపిల్లలు త్వరగా రజస్వల అవుతారు, మొదటి కాన్పు ఆలస్యమవుతుంది, పిల్లలు తక్కువ, పాలిచ్చే నెలలు తక్కువ. 2002లో 30 దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, ఒక్కో కాన్పుకు ముప్పు సుమారు 7 శాతం, పాలిచ్చిన ఒక్కో ఏడాదికి మరో 4.3 శాతం తగ్గింది. సంపన్న దేశాల ఆడవాళ్లకు కూడా పేద దేశాల్లోలా కాన్పులు, పాలివ్వడం ఉంటే, 70 ఏళ్లలోపు జబ్బు వచ్చేవాళ్లు నూటికి 6.3 నుంచి 2.7కి పడిపోతారని అంచనా. కొవ్వును ముట్టుకోకుండానే ముప్పులో సగానికి పైగా పోయింది.

ఎదుటి వాదనలోనూ బలముంది, దాన్ని దాచకూడదు. ఒక దేశంలో అందరూ ఇంచుమించు ఒకేలా తింటే తేడా బయటపడదు. పైగా తిండి గురించి ప్రశ్నపత్రంలో రాసే జవాబులు అంత కచ్చితంగా ఉండవు. అందుకే అమెరికాలో నెలసరి ఆగిన 48,835 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపు చేత కొవ్వు తగ్గించి తినిపించే ప్రయత్నం చేశారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2006లో ప్రకటించిన ఫలితం: నిష్పత్తి 0.91, విశ్వాస అవధి, అంటే అసలు విలువ ఉండగల పరిధి, 0.83 నుంచి 1.01. కొద్దిపాటి మేలు ఉండొచ్చు, లేకపోనూవచ్చు. కారల్ గీత చూపించిన కొండంత తేడా మాత్రం ఎక్కడా లేదు.

కాబట్టి అలాంటి గ్రాఫు ఎవరైనా పంపితే ఒక్కటే అడగండి: ఇందులో ఒక చుక్క అంటే ఒక మనిషా, ఒక దేశమా? దేశమే అయితే అది పరిశోధన మొదలుపెట్టడానికి పనికొస్తుంది, మీ అమ్మ కంచంలో నెయ్యి ఆపడానికి కాదు. ఆమె ముప్పు గురించే మాట్లాడాలంటే మనుషుల స్థాయిలో రుజువైనవి ఉన్నాయి: మద్యం, నెలసరి ఆగాక పెరిగే బరువు, రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఉండటం. డాక్టరు దగ్గర మాట్లాడాల్సింది వాటి గురించి.