పావు చుట్టు తిప్పినా సున్నాయే

నేను థర్మల్ మనిషిని. బాయిలర్, టర్బైన్ అంటే నిద్రలో లేపినా చెప్తాను. నిన్న ఉదయం 9:52కి మా హెచ్.ఓ.డి. గారు వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టారు: "సెకండియర్ ఎస్.ఓ.ఎం. పీరియడ్ మీరు తీసుకోండి." పీరియడ్ 10 గంటలకి. ఆ స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పాల్సిన ఆయన ఏమయ్యాడో ఇవాళ్టికీ తెలీదు.

లెక్క పుస్తకంలోంచి తీశాను. 20 మి.మీ. స్టీలు బోల్టు. దాని మీద తొడిగిన ఇత్తడి స్లీవ్, అంటే గొట్టం: లోపలి వ్యాసం 22, బయటిది 30. రెండిటి పొడవూ 400 మి.మీ. నట్టు వదులు లేకుండా ఆనేదాకా బిగించాక, ఇంకో పావు చుట్టు తిప్పారు. పిచ్, అంటే ఒక పూర్తి చుట్టుకి నట్టు జరిగే దూరం, 2.5 మి.మీ. బోల్టులో, గొట్టంలో ఎంత బలం పుడుతుంది?

బయటి నుంచి ఏ బలమూ లేదు కాబట్టి బోల్టుని లాగే బలం, గొట్టాన్ని నొక్కే బలం ఒకటే, P. ఇంతవరకూ బాగానే ఉంది. రెండో సమీకరణం కంపాటిబిలిటీ నుంచి, అంటే రెండిటి పొడవుల్లో మార్పులు ఒకదానితో ఒకటి ఎలా పొసగాలన్న షరతు నుంచి రావాలి. రెండిటి చివర్లూ కలిసే ఉన్నాయి కదా, కాబట్టి రెండిటి పొడవులో మార్పు సమానం అన్నాను, బల్ల గుద్దినట్టు. సాగితే ప్లస్సు, కుంచించుకుంటే మైనస్సు అని కూడా నేనే నేర్పించి, బోర్డు మీద రాశాను:

PL/(A₁E₁) = −PL/(A₂E₂)

L పొడవు, A అడ్డుకోత వైశాల్యం, E లోహం ఎంత గట్టిగా సాగనంటుందో చెప్పే యంగ్స్ మాడ్యులస్; 1 బోల్టుది, 2 గొట్టానిది. దీన్నుంచి వచ్చింది P = 0.

తుడిచి మళ్ళీ చేశాను. సున్నా. ఇత్తడి E విలువ 100 జీపీఏ బదులు 105 వేసి చూశాను, ఆ అయిదు నన్ను గట్టెక్కిస్తుందేమోనని. గట్టెక్కించలేదు. సున్నాకి ఒక సుగుణం ఉంది: ఎటు నుంచి వచ్చినా సున్నాలాగే ఉంటుంది. అరవై మంది నా వీపు వైపు చూస్తుంటే చాక్‌పీసు విరిగింది. ఆ ముక్క ఏరుకోవడానికి ఎంతసేపు పట్టాలో అంతకి మూడింతలు పట్టించాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట జీవితాంతం మర్చిపోను: "ఇది ఐడియల్ కేసు కదా, అందుకే సున్నా వచ్చింది."

రెండో బెంచీ అమ్మాయి జవాబు చుట్టూ స్కేలు పెట్టి డబ్బా గీసుకుని అడిగింది, "సార్, యూనిట్ రాయాలా?"

"న్యూటన్లు రాయమ్మా," అన్నాను.

వెనక బెంచీలో ఒకడున్నాడు. వాళ్ళ బాబాయికి లేతు షెడ్డుందట, సెలవుల్లో అక్కడే ఉంటాడు. వాడు లేచి, "సార్, పావు చుట్టు ఎక్కడికి పోయింది? స్పానర్ పట్టుకుంటే చెయ్యి లాగేస్తది, మీరేమో బలమే లేదంటున్నారు. అసలు పిచ్ ఎక్కడా వాడలేదు కదా సార్," అన్నాడు.

వాడలేదు! నట్టు తిప్పిన సంగతి నా సమీకరణానికి తెలియనే తెలియదు. తిప్పని నట్టుకి సున్నా సరైన జవాబే. పావు చుట్టుకి నట్టు 0.625 మి.మీ. ముందుకు జరగాలి. దారిలో గొట్టం అడ్డం ఉంది. గొట్టం కొంత నొక్కుకుని దారిస్తుంది, మిగతాది బోల్టు సాగి సర్దుకుంటుంది. సమానం చెయ్యాల్సింది వాటిని ఒకదానితో ఒకటి కాదు. బోల్టు సాగింది, గొట్టం కుంచించుకుంది, రెండూ కలిపితే 0.625 కావాలి. అలా వేస్తే P 33.6 కిలోన్యూటన్లు వచ్చింది. బోల్టు 0.214 మి.మీ. సాగింది, గొట్టం 0.411 తగ్గింది. ఆ P అంటే దాదాపు 3.4 టన్నుల బరువు. ఏనుగు బరువుని నేను సున్నా న్యూటన్లుగా డబ్బాలో పెట్టించాను.

"మార్పు సమానం" అన్నది నాకు ఊరికే తట్టలేదు, అదీ ఈ లెక్కలోదే, కాకపోతే రెండో సగంలోది. బిగించాక ఇదే బోల్టుని రెండు చివరలా 10 కిలోన్యూటన్లతో లాగితే, గొట్టం ఇంకా నొక్కుకునే ఉన్నంతవరకూ అప్పటి కొత్త మార్పు రెండిటికీ ఒకటే. ఆ పదిలో 6.6 బోల్టుకి అదనంగా పడుతుంది, గొట్టంలో నొక్కుడు 3.4 తగ్గుతుంది. ఎ బిట్టు అడిగితే బి బిట్టుకి జవాబు రాసినట్టయింది. ఎనిమిది నిమిషాల్లో ఏ బిట్టు చదవాలో కూడా వాట్సాప్‌లో చెప్పి ఉంటే బాగుండేది.

సరైన లెక్క పూర్తయ్యేసరికి గంట కొట్టారు. కానీ ఆలోపే ఎవడో బోర్డు ఫొటో తీసి క్లాసు గ్రూపులో పెట్టాడు, P = 0 కింద రెండు గీతలతో సహా. ఆ గ్రూపులో హెచ్.ఓ.డి. గారు కూడా ఉన్నారు.

మధ్యాహ్నం చూశాను. ఆయన బొటనవేలు పైకెత్తి పెట్టారు. కింద ఇంకో మెసేజ్: "గుడ్. రేపూ మీరే తీసుకోండి."